స్కాలర్‌షిప్ నిధి: వడ్డీతో ఎంతమంది, విరాళాలతో ఎంతమంది?

"చందాలు బాగా వచ్చిన ఏడాది ఎక్కువమంది పిల్లల్ని ఎందుకు తీసుకోరు?" అని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు బడ్జెట్ లెక్కలోనే ఉంది.

ఎనిమిదో తరగతిలో చేర్చుకున్న విద్యార్థిని పదో తరగతి దాకా చదివించాలి. ఏడాదికి ఫీజు 8,000 రూపాయలనుకుంటే, ఒక్కరికి మూడేళ్లకు 24,000 కావాలి.

మూలధనం 20 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై వడ్డీ 7 శాతం అనుకుందాం. ఏటా 1,40,000 వస్తుంది. అందులో 1,20,000తో తరగతికి ఐదుగురు చొప్పున 15 మందికి ఫీజు కట్టవచ్చు. మిగిలిన 20,000 మూలధనంలో కలుస్తుంది. వడ్డీ 6 శాతానికి తగ్గినా, లేదా ఫీజు 9,000కు పెరిగినా ఎవరి చదువూ ఆగదు. రెండూ ఒకేసారి జరిగితే మాత్రం కొత్తవారిని తగ్గించక తప్పదు.

విరాళాల సంగతి వేరు. ఈ రంజాన్‌కు 80,000 వచ్చాయని పదిమందిని చేర్చుకుంటే, వచ్చే ఏడాది 50,000 మాత్రమే వస్తే ఎలా? నలుగురికి ఫీజు కట్టలేం. అందుకే ముగ్గురినే తీసుకుని, వారి మూడేళ్ల ఫీజు 72,000 ముందే పక్కన పెట్టాలి. మిగిలిన 8,000 పుస్తకాలకు సరిపోతుంది.

జకాత్ సొమ్ము మూలధనంలో కలపం, దాని ఖాతా వేరు. మూలధనానికే ఇవ్వదలచినవారు దయచేసి ఆ మాట రాసి ఇవ్వండి. లేకుంటే ఆదాయపు పన్ను లెక్కలో అది మామూలు విరాళమే అవుతుంది.