మెట్ల మీద ఫోన్ మాట్లాడే ఆఫీసు

మాదాపూర్‌లో చిన్న కంపెనీలు అద్దెకున్న ఏదైనా భవనంలోకి మధ్యాహ్నం మూడు గంటల వేళ వెళ్లి, లిఫ్టు వదిలేసి మెట్లెక్కి చూడండి. మొదటి మలుపులో ఒకరు కస్టమర్‌కి సర్దిచెబుతుంటారు. రెండో మలుపులో ఇంకొకరు గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి ఉద్యోగం మారే సంగతి మాట్లాడుతుంటారు. అదే వేళకు లోపల పన్నెండు మంది పట్టే గాజు గదిలో ఇద్దరే కూర్చుని ఒక లాప్‌టాప్ చూస్తుంటారు. ఆ ఆఫీసులో చోటుకు కరువు లేదు, పంచడంలోనే తేడా వచ్చింది.

ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. ముప్పై మంది ఉన్న స్టార్టప్ 4,000 చదరపు అడుగుల ఆఫీసు తీసుకుందనుకుందాం. అద్దె కట్టేది ఆ నాలుగు వేలకూ. కానీ అందులో లిఫ్టు, లాబీ, మెట్లు, ఉమ్మడి టాయిలెట్ల వాటా కూడా కలిసి ఉంటుంది. తలుపు తీసి లోపలికి వెళ్లాక కాలు పెట్టడానికి మిగిలే కార్పెట్ ఏరియా చాలా భవనాల్లో 70 నుంచి 75 శాతమే. 72 శాతం అనుకుంటే 2,880 అడుగులు చేతికొస్తాయి. నడవడానికే అందులో దాదాపు మూడో వంతు పోతుంది. బల్లల మధ్య దారులు, తలుపులు తెరుచుకునే చోటు, స్తంభాల చుట్టూ దేనికీ పనికిరాని మూలలు అన్నీ ఆ ఖాతాలోవే. కడకు గదులకూ బల్లలకూ మిగిలేది సుమారు 2,000 అడుగులు. చాలామంది ఫౌండర్లు నాలుగు వేలను ముప్పైతో భాగించి మనిషికి నూట ముప్పై అడుగులకు పైనే ఉందని మురిసిపోతారు. చేతిలో ఉన్నది అందులో సగమే.

ఈ రెండు వేలను పంచుదాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల, కుర్చీ వెనక్కి జరిపే చోటు కలిపి మనిషికి 24 అడుగులు. నలభై బల్లలకు 960. ఎనిమిది మంది గది ఒకటి 140, నలుగురి గదులు రెండు 160, ఫోన్ బూత్‌లు మూడు కలిపి 50, నిశ్శబ్దపు గది 150, పాంట్రీ 200, రిసెప్షన్ 100, యూపీఎస్, నెట్‌వర్క్ సామాను పెట్టే గదికి 60. మొత్తం 1,820. చేతిలో ఇంకా రెండు వందల దాకా ఉంది. దాని సంగతి చివర్లో.

ముందు బల్లల విషయం. గోడలు తీసేస్తే మనుషులు ఎక్కువ మాట్లాడుకుంటారని అందరి నమ్మకం. 2018లో హార్వర్డ్‌కు చెందిన ఈతన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ దీన్ని కొలిచి చూశారు. ఓపెన్ పద్ధతికి మారుతున్న రెండు పెద్ద అమెరికన్ కంపెనీల ఉద్యోగులు మెడలో సెన్సర్ బ్యాడ్జీలు వేసుకున్నారు. మార్పుకు ముందూ తర్వాతా పోల్చితే ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి, ఈమెయిల్ రాతలు పెరిగాయి. నలుగురి కళ్ల ముందు కూర్చున్నవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన చుట్టూ తానే గోడ కట్టుకుంటాడు మరి! అలాగని నలభై మందికీ విడి గదులు కట్టే స్తోమత ఏ స్టార్టప్‌కీ ఉండదు. బల్లలు ఓపెన్‌గానే ఉంటాయి. అందుకే వాటిని వదిలి లేచి వెళ్లడానికి చోట్లు కావాలి.

ఆ చోట్లు ఏ సైజులో ఉండాలనే దగ్గరే ఎక్కువ మంది పప్పులో కాలేస్తారు. ఇన్వెస్టర్లు వచ్చినప్పుడు బాగుండాలని ముందుగా పెద్ద బోర్డ్ రూమ్ గీస్తారు. కానీ రోజువారీ మీటింగులు చాలావరకు ఇద్దరు ముగ్గురివే, అందులోనూ ఒకరు స్క్రీన్ మీదే ఉంటారు. ఇప్పుడున్న ఆఫీసులోనే వారం రోజులు గంటకోసారి తిరిగి ఏ గదిలో ఎంతమంది ఉన్నారో కాగితం మీద రాసుకుంటే కొత్త ఆఫీసుకు కావలసిన గదుల జాబితా దానంతటదే తయారవుతుంది. మెట్ల మీద, పార్కింగ్‌లో ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్లనూ లెక్కలో కలపాలి. కావలసిన బూత్‌ల సంఖ్య వాళ్లే. బూత్‌కి చిన్న ఫ్యానూ, గాలి బయటికి పోయే దారీ మర్చిపోకూడదు. అవి లేకపోతే పది నిమిషాల్లో చెమటలు పట్టి మనిషి మళ్లీ మెట్ల మీదికే చేరతాడు.

నిశ్శబ్దపు గదికి తలుపు మీద బోర్డు తగిలించినంత మాత్రాన నిశ్శబ్దం రాదు. పాంట్రీకీ ప్రధాన ద్వారానికీ దూరంగా, ఎవరూ దాటుకుంటూ పోని చివరి మూలలో అది ఉండాలి. మన దగ్గర నైరుతి మూలను వాస్తు పేరుతో ముందే బాస్ గదికి కేటాయించేస్తారు. రోజులో సగం బయటే తిరిగే బాస్‌కి ఆఫీసులో అన్నిటికంటే ప్రశాంతమైన చోటు ఎందుకో ఎవరూ అడగరు. ఇంకో చిక్కు కంటికి కనబడదు. ఖర్చు తగ్గుతుందని పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ దాకే లేపి ఆపేస్తారు. మాట ఆ పలుచటి పలకల పైనుంచి పక్క గదిలోకి హాయిగా దాటిపోతుంది. గోడ అసలు శ్లాబును తాకాలి, తలుపు కింద సందు మూయాలి. పని ఒప్పుకునే ముందు ఒకరు లోపల మామూలు గొంతుతో పేపర్ చదవాలి, ఇంకొకరు బయట వినాలి. మాటలు విడివిడిగా అర్థమవుతుంటే ఆ గోడ ఇంకా పూర్తి కాలేదన్నమాట. మనసును చెదరగొట్టేది శబ్దం కంటే అర్థమయ్యే మాట. ఏసీ హోరు పక్కన పని చేసుకోగలిగినవాడు కూడా పక్క సీట్లో సగం వినబడే ఫోన్ సంభాషణ ముందు చేతులెత్తేస్తాడు.

ఇక పెరగడం. ఈరోజు ముప్పై మంది, బల్లలు నలభై. అంటే పది సీట్లు ముందే ఉన్నాయి. ఆ పదింటినీ మొదటి రోజే కొని ఖాళీగా ఉంచితే అవి సామాను పెట్టుకునే అరుగులవుతాయి. వాటి కింద కరెంటు పాయింట్లు, నెట్‌వర్క్ కేబుల్ మాత్రం ఇప్పుడే వేయించి, పైన కదిలే కుర్చీలు వేసి ట్రైనింగులకు వాడుకోవచ్చు. మనుషులు రాగానే బల్లలు దించితే సరిపోతుంది, నేల తవ్వే పని ఉండదు. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసే పద్ధతి ఉంటే, అందరికంటే ఎక్కువ మంది వచ్చే రోజు హాజరు చూడాలి. ఆ రోజు కూడా 80 శాతం మించి రాకపోతే నలభై బల్లలు యాభై మందికి చాలుతాయి. సగటు చూసి లెక్కేస్తే మంగళవారం పూట కొందరు పాంట్రీలో కూర్చోవాలి.

మిగిలిన రెండు వందల అడుగుల్లో ఇంకో రెండు చిన్న గదులు పడతాయి. మనుషులు పెరిగితే గదుల కరువూ పెరుగుతుంది కాబట్టి వాటి స్థానం ఇప్పుడే డ్రాయింగ్‌లో గీయాలి. ఎందుకంటే గోడ ఒక్కటే రాదు. ఆ గదికి ఏసీ గాలి వచ్చే నోరు, తిరిగి పోయే దారి, సీలింగ్‌లో స్ప్రింక్లర్, పొగ డిటెక్టర్ విడిగా కావాలి. స్ప్రింక్లర్ పక్కనే గోడ లేస్తే నీళ్లు గోడకు తగిలి అవతలికి చేరవు. తర్వాత వాటిని జరపాలంటే పైపుల్లో నీళ్లు దించాలి, భవన యాజమాన్యం అనుమతి తెచ్చుకోవాలి, పని రాత్రిపూటే చేయాలి.

లీజు కాగితం మీద సంతకానికి ముందు రెండు మాటలు రాయించుకోవాలి. పక్క యూనిట్ ఖాళీ అయితే ముందుగా తమనే అడగాలన్నది ఒకటి. ఖాళీ చేసేటప్పుడు కట్టిన పార్టిషన్లన్నీ పీకి ఎప్పటిలా అప్పజెప్పాలా, ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చా అన్నది రెండోది. ఆపైన కాంట్రాక్టర్ రాకముందే ఒక సాయంత్రం ఖాళీ నేల మీద మాస్కింగ్ టేపుతో బల్లలూ గదులూ నిజం సైజులో అతికించి, నాలుగు కుర్చీలు వెనక్కి లాగి మధ్యలోంచి నడిచి చూడాలి. మోచేయి ఎక్కడ తగిలితే అక్కడ డ్రాయింగ్ మార్చాలి. టేపు చుట్ట ఖరీదు యాభై రూపాయలు, కట్టిన గాజు గోడను జరపడానికి వేలల్లో అవుతుంది.