విరేచనాల నింద పంటికెందుకు?

1839లో ఇంగ్లండ్, వేల్స్‌ మరణాల లెక్కల్లో 5 వేలకు పైగా పసిపిల్లల చావులకు కారణం ‘పళ్లు రావడం’ అని రాశారు. పన్ను మొలిచినందువల్ల ఏ బిడ్డా చనిపోదు. వాళ్లను తీసుకుపోయినవి వేరే జబ్బులు. వాటిని గుర్తుపట్టే విద్య అప్పటికి లేదు కాబట్టి, నోట్లో కనబడుతున్న పంటి మీదే నేరం పడింది. పైగా చిగుళ్ల బాధకని అమ్మిన పొడుల్లో పాదరసం కలిసి ఉండేది. ఆ విషంతో చేతులూ కాళ్లూ ఎర్రబడి, నొప్పితో అల్లాడే జబ్బు పసివాళ్లకు వచ్చేది. ఈ గుట్టు 1940ల చివర్లో గానీ బయటపడలేదు. బ్రిటన్‌లో ఆ పొడుల అమ్మకం 1954లో ఆగాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

పొడులు పోయాయి గానీ నింద పోలేదు. ‘పళ్లొస్తున్నాయి కదా, విరేచనాలు మామూలే’ అన్న మాట మన ఇళ్లలో ఈనాటికీ వినిపిస్తుంది. అలా నమ్మడానికి కారణం లేకపోలేదు. సుమారు ఆరో నెలలో మొదలై మూడేళ్లు నిండేలోగా 20 పాలపళ్లు వస్తాయి. అంటే నెలా నెలన్నరకొకటి. ఆ వయసులో బిడ్డకు ఏ జబ్బు చేసినా, వెతికితే చిగురులో ఎక్కడో ఒక పన్ను తొంగిచూస్తూనే ఉంటుంది.

సరిగ్గా ఆరో నెల దగ్గరే ఇంకో మూడు మార్పులు జరుగుతాయి. కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. తల్లిపాలతో పాటు పైతిండి మొదలవుతుంది. బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. విరేచనాలకు దారులు ఇవీ.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కును బాగా విడదీసింది. వందకు పైగా పిల్లల తల్లిదండ్రులు రోజూ జ్వరం చూసి, లక్షణాలు రాసి పెట్టారు. పన్ను పొడుచుకురావడానికి నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు, మొత్తం ఎనిమిది రోజుల్లో కొన్ని లక్షణాలు కాస్త పెరిగాయి. చొంగ కారడం, కొరకడం, చిగుళ్లు రుద్దుకోవడం, చిరాకు, చెవి రుద్దుకోవడం, ముఖం మీద చిన్న దద్దుర్లు, గట్టి తిండి వద్దనడం, ఒళ్లు కాస్త వెచ్చబడటం. అవి కూడా పిల్లలందరిలో కాదు, ఏ ఒక్క లక్షణమైనా నూటికి 35 మందికి మించి కనబడలేదు. విరేచనాలు, వాంతులు, దగ్గు, 102 డిగ్రీలు దాటిన జ్వరం మాత్రం పళ్లు రావడంతో ముడిపడలేదు.

ఆ జాబితాలో తల్లులకు బాగా పనికొచ్చే తేడా ఒకటుంది. పళ్లు వచ్చే బిడ్డ ఇడ్లీ ముక్క, గుజ్జన్నం వద్దనవచ్చు, పాలు మాత్రం మానదు. పాలు కూడా తాగకపోతే నోరు తెరిపించి చూడాలి. చిగుళ్లన్నీ ఎర్రగా ఉబ్బి రక్తం చిమ్ముతుంటే, నాలుక మీద, పెదవుల లోపల పుండ్లు ఉండి జ్వరం కాస్తుంటే, అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే నోటిపూత కావచ్చు. దాన్ని పళ్ల బాధగా పొరబడటం మామూలే. బిడ్డ మింగలేక నీరసించిపోయే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరుకు చూపించాలి. చెవి సంగతీ అంతే. ఊరికే రుద్దుకుంటే పన్ను కావచ్చు. జ్వరంతో, పడుకోబెడితే ఏడుపు పెరుగుతూ, చీము కారుతుంటే చెవి ఇన్ఫెక్షనే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిది నెలల పాప, బరువు ఏడున్నర కిలోలు. కింది చిగురులో తెల్లగా రెండో పన్ను. పొద్దుటి నుంచి నీళ్లలా నాలుగు విరేచనాలు, జ్వరం 101. పన్ను సంగతి పక్కన పెట్టి, తల్లిపాలు ఆపకుండా ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. కలిపిన ద్రావణాన్ని విరేచనమైనప్పుడల్లా పావు కప్పు నుంచి అరకప్పు దాకా చెంచాతో పట్టాలి. పొట్లం లీటరుదా, 200 మిల్లీలీటర్లదా అన్నది చదవడం తప్పనిసరి. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించిపోతుంది. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి డబ్బా పానీయాలు ఇందుకు పనికిరావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. జింక్ మాత్ర ఆరు నెలలు దాటిన వాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులు. పొట్లాలూ మాత్రలూ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి.

ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు గుంటపడినా, పొట్ట మీది చర్మాన్ని గిల్లి వదిలితే మెల్లగా సర్దుకున్నా, మలంలో రక్తం కనబడినా, పాప మత్తుగా ఉన్నా ఇంట్లో ఆగకూడదు. మూడు నెలల లోపు బిడ్డకైతే 100.4 డిగ్రీల జ్వరమే ఆసుపత్రికి వెళ్లడానికి చాలు.

మరి నిజంగా చిగుళ్ల నొప్పే అయితే? వైద్యం చాలా చిన్నది. సబ్బుతో కడిగిన వేలితో చిగురును రెండు నిమిషాలు మెల్లగా ఒత్తడం. ఫ్రిజ్‌లో చల్లబరిచిన తడి గుడ్డనో చెంచానో కొరకనివ్వడం. గడ్డకట్టిందైతే చిగురుకే దెబ్బ. కొరికే బొమ్మ గట్టి రబ్బరుదై ఉండాలి, లోపల నీరు నింపినది చిరిగిపోతుంది. పచ్చి క్యారెట్ ముక్క గొంతులో అడ్డం పడవచ్చు. ఏడాది నిండని బిడ్డ చిగుళ్లకు తేనె రాయకూడదు, బొటులిజం అనే విషరోగం రావచ్చు. లవంగ నూనె కూడా పసివాళ్లకు ప్రమాదకరం.

మందుల షాపులో చేతికిచ్చే తిమ్మిరి జెల్ దగ్గర ఆగాలి. బెంజోకైన్ ఉన్నవి అరుదుగానైనా రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తాయి. రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. లిగ్నోకైన్ మింగితే ఫిట్స్, గుండె లయ తప్పడం జరగవచ్చు. ఎంత రాసినా చొంగ కొద్ది నిమిషాల్లో కడిగేస్తుంది గనక తల్లి మళ్లీ మళ్లీ రాస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. మెడలో వేసే పూసల దండలూ అంతే: అంబర్ పూసల దండ మెడకు బిగిసి నిద్రలోనే 18 నెలల బిడ్డ చనిపోయిన ఘటన అమెరికాలో జరిగింది.

రాత్రి మరీ ఏడిస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున మన పాపకు 112 మిల్లీగ్రాములు. మన దగ్గర దొరికే డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 1.1 మిల్లీలీటర్లు చాలు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 120 మాత్రమే, కాబట్టి సుమారు 4.7 మిల్లీలీటర్లు. సిరప్ అలవాటు మీద డ్రాప్స్ ఒక చెంచా నిండా పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, కావలసిన దానికి నాలుగు రెట్లకు పైనే. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య ఆరు గంటలు ఉండాలి. కొత్త సీసా కొన్న ప్రతిసారీ దాని మీద ‘మిల్లీలీటరుకు ఎంత’ అన్నది చదివి, సీసాతో ఇచ్చిన డ్రాపర్‌తోనే పోయండి.