చుట్టాలకో వైఫై, బల్బులకో వైఫై

సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు దిగితే నెట్ నెమ్మదిస్తుంది. నింద మాత్రం యూట్యూబ్ చూసే పిల్లల మీద పడుతుంది. చాలాసార్లు అసలు కారణం మూలన చార్జింగ్‌లో పడున్న ఫోన్లు. వైఫై, చార్జింగ్ రెండూ దొరికితే అవి ముగ్గుల ఫొటోలు, భోగిమంటల వీడియోలు వరసగా క్లౌడ్‌లోకి పంపేస్తుంటాయి.

ఇంటి లైను అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ అనుకోండి. పది ఫోన్లు తలా 2 జీబీ పంపితే మొత్తం 20 జీబీ. దాదాపు 53 నిమిషాలు లైనంతా వాటిదే. అదే సమయంలో ఆఫీసు వీడియో కాల్‌లో ఉన్నవాళ్లకు కావాల్సింది మూడు నాలుగు ఎంబీపీఎస్. అయినా మాట తెగుతుంది. కాల్ తాలూకు ప్యాకెట్లు రౌటర్‌లో ఆ ఫొటోల వెనక వరసలో నిలబడాలి మరి. విండోస్ కంప్యూటర్‌లో `ping 8.8.8.8 -t` కొట్టి చూడండి. ఎప్పుడూ పది ఇరవై మిల్లీసెకన్లు చూపించేది వందల్లోకి పోతే, వరస పెరిగిపోయిందన్నమాట.

గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయగానే ఈ బాధ తీరదు. దానికి పేరు, పాస్‌వర్డ్ వేరైనా, బయటికి వెళ్లే లైను ఒక్కటే. వేగానికి హద్దు విడిగా పెట్టాలి. రౌటర్ పేజీలో (ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1) Guest Network దగ్గరో, Bandwidth Control లేదా QoS కిందో ఆ వీలు ఉంటుంది. గెస్ట్‌లకు అప్‌లోడ్ 10, డౌన్‌లోడ్ 20 ఇవ్వండి. అదే 20 జీబీ ఇప్పుడు నాలుగున్నర గంటలు పడుతుంది. పడితే పట్టనివ్వండి, ఆ ఫొటోలకు తొందరేముంది! ఒక్కటి చూసుకోవాలి: కొన్ని రౌటర్లలో ఈ హద్దు మొత్తం గెస్ట్ నెట్‌వర్క్‌కు కాక, ఒక్కో ఫోన్‌కు వర్తిస్తుంది. అలాగైతే పది ఫోన్లు కలిసి మళ్లీ లైనంతా నింపేస్తాయి. అక్కడ ఫోన్‌కు 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ చాలు.

కెమెరాలు, బల్బులు, ప్లగ్గులను ఈ గెస్ట్ నెట్‌వర్క్‌లో కలపకండి. ఫొటోల రద్దీలో కెమెరా వీడియో ఆగిపోతుంది. వాటికి 2.4 గిగాహెర్ట్జ్ మీద మూడో పేరు పెట్టడం మేలు. వేరుచేయడానికి ఇంకో కారణం ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకే చొరబడింది. కెమెరా చెడినా, ఇంటి కంప్యూటర్ల దాకా దానికి దారి ఉండకూడదు. టీవీ, ప్రింటర్ మాత్రం మెయిన్‌లోనే ఉంచండి. వేరుచేస్తే ఫోన్ నుంచి అవి కనిపించవు.

వేరుపడ్డాయో లేదో గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌తో తేల్చుకోవచ్చు. అందులో రౌటర్ పేజీ గానీ ప్రింటర్ గానీ తెరుచుకుంటే వేరుపడనట్టే. కంపెనీ పెట్టె వెనక సొంత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టిన ఇళ్లలో తరచూ ఇలా అవుతుంది. పెట్టెలోని గెస్ట్ సౌకర్యమే వాడడమో, సొంత రౌటర్‌ను రౌటర్ మోడ్‌కు మార్చడమో చేయాలి.