నీచు వాసనకు దురద మాత్ర పనిచేయదు

తెల్లబట్ట అవుతోందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే మెడికల్ షాపులో అడిగి ఓ మాత్ర వేసుకుని ఉంటారు. ఎక్కువగా అది ఫ్లూకొనజోల్ 150. ఈ మధ్య వచ్చిన ఒకావిడ ఆ మాత్రను మూడుసార్లు వాడింది. "వేడి చేసిందేమోనని సబ్జా నీళ్లు కూడా తాగాను డాక్టరుగారూ, వాసన మాత్రం పోవట్లేదు" అంది. దురద ఉందా అంటే లేదంది. వాసన ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని అడిగితే కాసేపు తటపటాయించి, భర్తతో కలిసిన తర్వాత, నెలసరి రోజుల్లో అని చెప్పింది. ఆ రెండు జవాబులూ వినగానే ఇది ఈస్టు కాకపోవచ్చని అనిపించింది.

యోనిలో మామూలుగా లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి అక్కడి పీహెచ్‌ను 4.5 దాటకుండా చూస్తుంది. ఆ మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి గార్డ్‌నరెల్లా వంటివి పెరిగిపోతే దాన్ని బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటాం. అప్పుడు పల్చగా, బూడిద రంగు కలిసిన తెలుపులో స్రావం అవుతుంది. ఈ బ్యాక్టీరియా తయారుచేసే అమైన్లు క్షారం తగలగానే గాలిలోకి లేస్తాయి. వీర్యానికీ రక్తానికీ క్షార గుణం ఉంది కాబట్టే ఆ సమయాల్లో చేపల నీచు వాసన గుప్పుమంటుంది. అది శుభ్రత లేక వచ్చే వాసన కాదు. ఆ భయంతో సబ్బు పెట్టి లోపలిదాకా కడిగితే మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది.

ఆవిడకు చేసిన పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేకపోయింది. యోని గోడ నుంచి దూది పుల్లతో కాస్త స్రావం తీసి పీహెచ్ కాగితానికి అద్దాను. 4.5 దాటింది. గాజు పలక మీద ఇంకొంచెం స్రావం తీసుకుని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే అదే నీచు వాసన వచ్చింది. సెలైన్ కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే యోని కణాల అంచులు కనబడనంతగా బ్యాక్టీరియా అతుక్కుని ఉంది. వీటిని క్లూ కణాలంటారు. పల్చటి స్రావంతో కలిపి ఈ నాలుగు లక్షణాల్లో మూడు ఉంటే చాలు, వజైనోసిస్ అని తేల్చవచ్చు.

ఈస్టు అయి ఉంటే కథ వేరుగా ఉండేది. కాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చే ఈ ఇన్ఫెక్షన్‌లో ముందు బాధపెట్టేది దురద. మంట, ఎర్రదనం ఉంటాయి. స్రావం విరిగిన పాల తరకల్లా ఉంటుంది, దుర్వాసన దాదాపు ఉండదు, పీహెచ్ కూడా మామూలుగానే ఉంటుంది. ఫ్లూకొనజోల్ పనిచేసేది దీనికే. షుగరు అదుపులో లేనివాళ్లలో, యాంటిబయాటిక్స్ వాడాక ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గర్భిణులు మాత్రం ఆ మాత్ర జోలికి పోకూడదు. వాళ్లకు క్లోట్రిమజోల్ వంటి లోపల పెట్టుకునే మందు ఇస్తాం.

స్రావం పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో నురగతో వస్తూ దుర్వాసన ఉంటే ట్రైకోమొనాస్‌ను అనుమానించాలి. ఇది తోకలతో కదిలే ఏకకణ పరాన్నజీవి, లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. మైక్రోస్కోపులో దాన్ని గుర్తుపట్టేది కదలికను బట్టే. పలక తయారయ్యాక ఆలస్యం చేస్తే కదలిక ఆగిపోతుంది, రోగం ఉన్నా లేదనే రిపోర్టు వస్తుంది. అందుకే అనుమానం తీరకపోతే జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష చేయించాలి. అందరిలోనూ నురగ రాదు కాబట్టి రంగు చూసి ఇంట్లోనే తేల్చుకోవడం కుదరదు.

వజైనోసిస్‌కు, ట్రైకోమొనాస్‌కు మందు సాధారణంగా మెట్రొనిడజోలే. ఆవిడకు ఏడు రోజుల కోర్సు రాశాను. నోట్లో లోహపు రుచి, వికారం ఉండవచ్చని, రెండు మూడు రోజుల్లో వాసన తగ్గినా మాత్రలు ఆపవద్దని చెప్పాను. అయినా వజైనోసిస్ కొందరిలో నెలల్లోనే తిరగబెడుతుంది. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో స్త్రీతో పాటు ఆమె భాగస్వామికి కూడా చికిత్స చేస్తే మళ్లీ రావడం బాగా తగ్గింది. ట్రైకోమొనాస్‌లో అయితే భర్తకు మందు ఇవ్వడం తప్పనిసరి. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, అందుకే "నాకేం లేదు" అని మందు వేసుకోరు. భార్యకు నయమైనా మళ్లీ అదే సోకుతుంది. ఇద్దరి కోర్సూ పూర్తయి లక్షణాలు పోయేవరకు కలయిక ఆపాలి.

ఈ మాట చెప్పగానే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. ఈ పరాన్నజీవి ఏ బాధా లేకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు. ఇప్పుడు బయటపడిందంటే ఇప్పుడే సోకిందని కాదు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పరీక్ష చెప్పలేదు. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో ఈ సమస్యలకు పరీక్ష, మందులు ఉచితంగా దొరుకుతాయి. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక కొత్తగా స్రావం, వీటిలో ఏది ఉన్నా, గర్భంతో ఉన్నా, మెడికల్ షాపు మెట్లు ఎక్కకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.