బస్సు వెళ్లనీ, వస్తా: బడి పిల్లల కోసం ఒక స్క్రిప్టు

రోడ్డు భద్రత మీద బడుల్లో చూపించే సినిమా రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా హెల్మెట్, సీటు బెల్టు, సిగ్నల్, సెల్‌ఫోను అన్నీ ఒకేసారి చెప్పాలనుకుంటారు. స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద సుమారు ఒక నిమిషం నడుస్తుంది. ఆరు పేజీల్లో పిల్లలకు ఒక్క పని నేర్పగలిగితే గొప్ప. ఆ పని పెద్దల చేతుల్లో కాక, పిల్లలు తామే చేయగలిగేది కావాలి. సీటు బెల్టు గురించి ఎంత చెప్పినా కారు నాన్నది. బస్సు దిగి రోడ్డు దాటడం మాత్రం మూడో తరగతి పిల్ల రోజూ తానే చేస్తుంది. అందుకే నేనైతే దాన్నే తీసుకుంటాను.

అక్కడ జరిగేది ఇది. స్టేజీ దగ్గర బస్సు ఆగుతుంది. ఇల్లు అవతలి వైపు. దిగిన పిల్ల బస్సు ముందు నుంచే దాటబోతుంది. వెనక నుంచి వచ్చిన బైకు, ఆగిన బస్సును కుడివైపు నుంచి దాటేస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. పిల్ల బస్సు చాటు నుంచి బయటపడేసరికి బైకు ఐదారు మీటర్ల దూరంలోనే ఉందనుకోండి. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకను పట్టినా, బైకు అప్పటికే ఆమెను దాటిపోతుంది, లేదా ఆమెను తాకుతుంది. బైకు అతను ఎంత నెమ్మదస్తుడైనా, పిల్ల ఎంత తెలివైనదైనా బస్సు చాటున ఒకరికొకరు కనబడరు. సినిమా చూపించాల్సింది ఈ కనబడకపోవడాన్నే.

దానికి మాటలు అక్కర్లేదు, మూడు షాట్లు చాలు. మొదటిది బిందు కళ్ల ఎత్తులో, నేల నుంచి నాలుగడుగుల దగ్గర: తెర నిండా బస్సు ముందు భాగమే, రోడ్డు లేదు. రెండోది బైకు మీద నుంచి: బస్సు వెనక అద్దం, నంబరు ప్లేటు, పిల్ల లేదు. మూడోది మేడ మీద నుంచి: ఇద్దరూ ఒకే చోటికి వస్తున్నారు. అక్కడ కథను ఆపేయాలి.

ఇక్కడే ఎక్కువ స్క్రిప్టులు దారి తప్పుతాయి. కొందరు గుద్దుకునే చప్పుడు, రోడ్డు మీద పడిన చెప్పు రాస్తారు. 1953లో అమెరికాలో ఇర్వింగ్ జానిస్, సేమూర్ ఫెష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు విద్యార్థులకు పళ్ల శుభ్రత మీద ఉపన్యాసాలు ఇప్పించారు. ఎక్కువగా భయపెట్టిన ఉపన్యాసం విన్నవాళ్లే చెప్పినదాన్ని తక్కువగా పాటించారు. తర్వాతి పరిశోధనల్లో భయం పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అయితే అది ఎక్కువగా, ఏం చేయాలో స్పష్టంగా చెప్పినప్పుడు పనిచేసింది. ఇంకొందరు చివరి క్షణంలో అక్క వచ్చి చెయ్యి పట్టి లాగేస్తుందని రాస్తారు. చూడ్డానికి హాయిగానే ఉంటుంది గానీ, ఎవరో ఒకరు కాపాడతారనే పిల్లలు నేర్చుకుంటారు.

కాబట్టి దాటడాన్ని రెండుసార్లు రాయాలి. మొదటి రోజు అక్క చూపిస్తుంది: దిగి, రోడ్డు పక్కన మట్టి మీద నిలబడి, బస్సు వెళ్లిపోయేదాకా ఆగాలి. రోడ్డు రెండు వైపులా బాగా కనబడ్డాక ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడాలి. మన దగ్గర బండ్లు ఎడమవైపు నడుస్తాయి గనుక మనకు దగ్గరగా వచ్చే బండి కుడివైపు నుంచే వస్తుంది. అమెరికా సినిమాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. వాటిని చూసి రాసేవారు ఈ వరుస తప్పకుండా సరిచూసుకోవాలి.

రెండో రోజు అక్కకు జ్వరం. బిందు ఒక్కతే. అవతలి వైపు అమ్మమ్మ.

అమ్మమ్మ: రావే తల్లీ, రా! అన్నం చల్లారిపోతోంది.
బిందు: ఉండు అమ్మమ్మా, బస్సు వెళ్లనీ. వస్తా.

ఈ పిలుపు కావాలనే పెట్టాలి. పిల్లలు పరుగెత్తేది చాలాసార్లు అల్లరితో కాదు, అవతలి నుంచి ఇష్టమైన వాళ్లు పిలిచినప్పుడు. చూస్తున్న టీచర్లకూ తల్లిదండ్రులకూ ఇందులో చెప్పకుండానే చెప్పిన మాట ఉంది.

తెర ఎక్కడ ఉంటుందో కూడా స్క్రిప్టు రాసేటప్పుడే ఆలోచించాలి. తరగతి గదిలో కిటికీలు పూర్తిగా మూతపడవు, కాబట్టి రాత్రి సన్నివేశం రాస్తే ప్రొజెక్టరులో నల్లగా తప్ప ఏమీ కనబడదు. గోడలకు శబ్దం మారుమోగుతుంది గనుక గుసగుసలూ, సంగీతం కింద మాటలూ పనికిరావు. సినిమా ఆరు నిమిషాల్లో ముగిస్తే, పీరియడ్‌లో మిగిలిన సమయాన్ని ఆరుబయట వాడుకోవచ్చు.

షూటింగుకు ముందే స్క్రిప్టును ఒక తరగతికి చదివి వినిపించి, వారం తర్వాత మళ్లీ వెళ్లాలి. "ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే అందరూ "జాగ్రత్తగా ఉండాలి సార్" అంటారు, దాంతో ఏమీ తెలియదు. గ్రౌండులో సున్నంతో రోడ్డు గీసి, బెంచీలతో బస్సు పేర్చి, అవతల నుంచి ఒకరి చేత పేరు పెట్టి పిలిపించాలి. పిల్లలు బెంచీల ముందు నుంచి పరుగెత్తితే రెండో రోజు సన్నివేశం తేలిపోయిందన్నమాట. ఆగినా ముందు ఎడమకు చూస్తే, అక్క చూపించిన షాట్ మరీ త్వరగా అయిపోయింది. దాన్ని ఇంకొన్ని సెకన్లు పొడిగించి రాసి, ఈసారి వేరే తరగతికి చదివి వినిపించాలి.