ఫొటోవాయిస్: సమాచారదాతల చేతిలో కెమెరా

ప్రశ్నావళి, ముఖాముఖి పద్ధతులతో మీకు ఇప్పటికే పరిచయం ఉంది. ఈ రెండింటిలోనూ ఏం అడగాలో పరిశోధకులే నిర్ణయిస్తారు. వారికి తట్టని ప్రశ్నకు జవాబు కూడా రాదు. ఫొటోవాయిస్ పద్ధతిలో ఈ క్రమం తిరగబడుతుంది. కెమెరా సమాచారదాతల చేతిలో ఉంటుంది. దేన్ని చూపాలో వారే ఎంచుకుంటారు, దాని అర్థం ఏమిటో వారే చెబుతారు.

1. పద్ధతి పుట్టుక

1992లో చైనాలోని యునాన్ ప్రాంతంలో గ్రామీణ మహిళల ఆరోగ్యంపై ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో ఒక కార్యక్రమం నడిచింది. అందులో కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 62 మంది పల్లె మహిళలకు కెమెరాలు ఇచ్చి, తమ రోజువారీ జీవితాన్ని ఫొటోలు తీయమన్నారు. పొలం పనిలో ఉన్న తల్లులకు పిల్లలను చూసుకునేవారు లేరన్న సంగతి ఆ ఫొటోలు, వాటిపై జరిగిన చర్చల ద్వారా అధికారుల దృష్టికి వెళ్లింది. శిశు సంరక్షణ గురించి ఆలోచించడానికి అది దారితీసింది. వాంగ్, బరిస్ మొదట ఈ పద్ధతిని ఫొటో నవెల్లా అన్నారు. 1997లో వారు రాసిన వ్యాసంతో ఫొటోవాయిస్ అన్న పేరు స్థిరపడింది.

దీన్ని ఫొటో ఎలిసిటేషన్‌తో కలిపి గందరగోళపడకండి. ఫొటో ఎలిసిటేషన్‌లో సాధారణంగా పరిశోధకులే ఒక ఫొటో తెచ్చి, దాన్ని చూపించి మాట్లాడిస్తారు. ఫొటోవాయిస్‌లో ఫొటో తీసేది, ఎంచేది, వివరించేది సమాచారదాతలే. పరిశోధకులు వినేవారి స్థానంలో ఉంటారు.

2. తెలుగు నేలపై ఒక అనుభవం

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా ఉన్న ప్రయోగం జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా జరిగింది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు వీడియో కెమెరా నేర్చుకున్నారు. వీరిలో ఎక్కువమంది దళిత మహిళలు, చదువుకునే అవకాశం దొరకనివారు చాలామంది. వీరు ఫొటోలు కాక సినిమాలు తీశారు. కాబట్టి దీన్ని పార్టిసిపేటరీ వీడియో అంటారు. 2002లో బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చాక, వరంగల్ రైతుల పొలాల్లో ఆ పంట ఎలా ఉందో వీరు చిత్రించారు.

వీరు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు గమనించదగినవి. ఎదుటి మనిషిని పై నుంచి కిందికి చూపే కోణాన్ని పటేల్ షాట్ అన్నారు. భూస్వామి తమను ఎప్పుడూ అలాగే చూస్తాడని వారి భావం. కళ్లకు కళ్లు సమానంగా ఉండే కోణాన్ని సంఘం షాట్ అన్నారు. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. ఏ కోణం నుంచి చూస్తున్నామన్నది సాంకేతిక విషయం మాత్రమే కాదని, అందులో అధికార సంబంధం ఉందని దీనివల్ల తెలుస్తుంది. గ్రామాన్ని బయటివారు తీసిన ఫొటోకు, గ్రామస్థులే తీసిన ఫొటోకు తేడా ఇక్కడే మొదలవుతుంది.

3. రావిర్యాలలో చేస్తే: ఊహాత్మక ఉదాహరణ

రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో ఒక చెరువు ఉంది. ఊరి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు వెళ్తుంది, పక్కనే వండర్‌లా పార్కు ఉంది. చుట్టూ ఇలాంటి మార్పులు వచ్చిన ఊళ్లో, గేదెలు పెంచే ఎనిమిది మంది మహిళలతో మీరు ప్రాజెక్టు చేస్తున్నారని ఊహించుకోండి. ఇందులోని వ్యక్తులు, ఫొటోలు, మాటలు అన్నీ కల్పితాలే.

మొదటి సమావేశంలో కెమెరా ఇవ్వకండి. ఎందుకు చేస్తున్నారో, ఫొటోలు ఎవరు చూస్తారో చెప్పండి. ఎదుటివారి అనుమతి లేకుండా వారి ముఖం తీయకూడదని మాట్లాడుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న ఇవ్వండి: ‘మీ గేదెల పనిలో రోజూ ఏది తేలిక, ఏది కష్టం?’ ‘భూమి పోవడం వల్ల వచ్చిన ఇబ్బందులు చూపండి’ అంటే జవాబును మీరే వారి చేతిలో పెట్టినట్టవుతుంది. ఫొటోలు తీయడానికి ఒక వారం ఇవ్వండి.

వారం తర్వాత ఒక్కొక్కరూ రెండు ఫొటోలు ఎంచుకుని సమావేశానికి తెస్తారు. ఒకామె తెచ్చిన ఫొటోలో పొడవాటి ప్రహరీ గోడ, దాని పక్కన ఒక గేదె ఉన్నాయనుకుందాం. చర్చను ఐదు ప్రశ్నలతో నడపండి. ఇందులో ఏం కనిపిస్తోంది? నిజంగా ఇక్కడ ఏం జరుగుతోంది? దీనికీ మన బతుకుకూ సంబంధం ఏమిటి? ఇలా ఎందుకుంది? మనం ఏం చేయగలం?

ఫొటోను చూడగానే మీ నోటుపుస్తకంలో ‘భూమి అమ్మకం’ అని రాసుకోవాలనిపిస్తుంది. ఆమె మాత్రం ఇలా అంటుంది: ‘ఆ జాగ ఎన్నడూ మాది కాదు. కానీ చెరువుకు దారి అక్కడినుంచే ఉండె. ఇప్పుడు చుట్టూ తిరిగి పోవాలె. పొద్దుగూకినంక ఇల్లు చేరుతున్నం, పాలు పోసే టైం దాటిపోతుంది.’ మిగతావారిలో ముగ్గురు తమ ఫొటోల్లో కూడా దారే ఉందని గుర్తిస్తారు. అప్పుడు సంకేతీకరణలో మీరు రాయాల్సిన ఇతివృత్తం ‘భూమి’ కాదు, ‘దారి’. దీంతో ఐదో ప్రశ్నకు జవాబు కూడా మారుతుంది. భూమి అమ్మకం గురించి ఈ మహిళలు చేయగలిగింది తక్కువ. చెరువుకు దారి వదలమని స్థానిక అధికారుల దగ్గర అడగవచ్చు.

అందుకే ఫొటో ఒక్కటే దత్తాంశం కాదు. ఫొటో, దాన్ని తీసినవారి మాట, దానిపై జరిగిన చర్చ మూడూ కలిస్తేనే దత్తాంశం అవుతుంది. వ్యాఖ్యానం లేని ఫొటోను నివేదికలో పెడితే, చదివేవారు తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు.

4. ఎక్కడ దారి తప్పుతుంది?

మొదటిది, ఫొటో నిజంగా ఎవరు తీశారన్నది. ఇంట్లో ఫోన్ కొడుకు దగ్గరో భర్త దగ్గరో ఉంటే, వారు తీసిన ఫొటోలే సమావేశానికి వస్తాయి. ‘ఈ ఫొటో తీసినప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావమ్మా?’ అని అడిగితే సంగతి తెలుస్తుంది. స్వయంగా తీసినామె చోటు, వేళ వెంటనే చెబుతుంది.

రెండోది, తీయలేని ఫొటోలు. చీకట్లో నడక, అప్పు, ఇంట్లో గొడవ ఫొటోకు అందవు. కొన్నింటిని భయంతో తీయరు. అందువల్ల ప్రతి సమావేశం చివర ‘తీయాలనుకుని తీయలేనిది ఏదైనా ఉందా?’ అని అడిగి, ఆ జవాబును కూడా దత్తాంశంగా నమోదు చేయండి. అవసరమైతే నేలమీద ముగ్గుతో ఊరి పటం గీయించండి. కెమెరాకు చిక్కని పాత దారిని పటంలో చూపవచ్చు.

మూడోది, అనుమతి. ఫొటో తీయడానికి ఇచ్చిన అనుమతి, దాన్ని ప్రదర్శించడానికి అనుమతి కాదు. రెండూ విడివిడిగా తీసుకోవాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు వివరం కూడా దాగి ఉండవచ్చు. ఇతరులకు పంపే ముందు దాన్ని తొలగించండి. గోడ యజమానితో తగాదా వచ్చే అవకాశం ఉంటే, ఫొటో బయటపెట్టాలా వద్దా అన్నది తీసినామె నిర్ణయమే.

చివరగా, ఈ పద్ధతి పరిధిని గుర్తుంచుకోండి. ఎనిమిది మంది ఫొటోలను బట్టి రావిర్యాలలో ఎన్ని కుటుంబాలకు దారి సమస్య ఉందో చెప్పలేం. అది సర్వే చేసే పని. కానీ ఆ సర్వేలో దారి గురించి ఒక ప్రశ్న ఉండాలని ఫొటోవాయిస్ వల్ల తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫొటో ఎలిసిటేషన్‌కు, ఫొటోవాయిస్‌కు గల తేడా ఏమిటి?
2. పై ఉదాహరణలో ‘భూమి’ అన్న ఇతివృత్తం రాసి ఉంటే నివేదికలోని సూచనలు ఎలా మారేవి?
3. మీ ఊళ్లో ఒక బృందాన్ని ఎంచుకుని, జవాబును ముందే సూచించని ఒక ఫొటోవాయిస్ ప్రశ్న రాయండి.