ఐదు వాటాల లోగిలి, నలభై ప్రమిదలు

దీపావళి రాత్రి కరెంటు పోతే అది మామూలు చీకటి కాదు. అమావాస్య కదా, కార్తీక పౌర్ణమికి దొరికే వెన్నెల సాయమైనా ఉండదు.

రాజమండ్రిలో అప్పుడు మేమున్నది ఐదు వాటాల లోగిలి. నడిమధ్య బావి, తులసికోట, చుట్టూ సున్నం వేసిన గోడలు, నున్నటి అరుగులు. ఆ సాయంత్రం ఆరున్నరకే ట్యూబులైటు రెపరెపలాడింది, ఫ్యాన్లు నీరసించాయి. వీధంతా సీరియల్ లైట్లు, ఇంటింటా మోటారో గ్రైండరో తిరుగుతున్నాయి. ఏడు కాకుండానే ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి టప్పుమని చప్పుడొచ్చింది.

చివరి వాటా మాస్టారు మేడెక్కి చూశారు. “మన వీధిలోనే కొన్ని ఇళ్లు వెలుగుతున్నాయండీ. ఒక్క ఫేజే పోయింది” అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు వస్తాయి, వీధిలోని ఇళ్లను వాటికి పంచుతారు. ఒక దాని ఫీజు కాలిపోతే ఆ తీగ మీదున్న ఇళ్లే చీకట్లో పడతాయి. ఊరంతా ఆరిపోతే తప్పు ఎక్కడో దూరాన ఉన్నట్టు. ఇలా అయితే లైన్‌మన్ వచ్చి ఫీజు వేస్తే సరిపోతుంది. అయితే అదే బరువు మళ్లీ మీద పడితే కొత్త ఫీజూ నిలవదు. అందుకని మాస్టారు వాటావాటాకీ వెళ్లి ఫ్రిజ్జులూ మోటార్లూ కట్టించేశారు.

అప్పటికి అందరూ ఫోన్ టార్చీలతో లోగిట్లోకి వచ్చేశాం. పెద్ద వాటా మామ్మగారు కుర్చీలోంచే, “ఆ టార్చీలు ఆపండర్రా, కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి” అన్నారు. ఆవిడ మాట నిజమేనని కాసేపటికి తెలిసింది. టార్చి ఒకసారి కళ్లల్లో పడితే పక్కనున్న ప్రమిద వెలుగు కూడా ఆనదు.

మా ఇంట్లో పాతిక ప్రమిదలు పొద్దున్నే నీళ్లల్లో నానేసి, ఎండబెట్టి ఉంచాం. పక్కింటి పిన్నిగారు అప్పుడే కొనుక్కొచ్చిన పదిహేను మాత్రం పొడిగా ఉన్నాయి. పచ్చిమట్టి కాల్చిన ప్రమిదకు ఒళ్లంతా సన్నటి రంధ్రాలే. నానబెట్టకుండా నూనె పోస్తే వత్తి కంటే ముందు మట్టే తాగేస్తుంది. తొందరలో మూడింటికి అలాగే పోసేశారు, కాసేపట్లో వాటి అడుగున నూనె చెమర్చింది. మిగతా పన్నెండింటినీ మామ్మగారు బకెట్లో వేయించారు. బుసబుసమని బుడగలు లేచాయి. “బుడగలు ఆగాక తీసి గుడ్డతో బాగా తుడవండి. తడి మిగిలితే చిటపటలాడి వత్తి ఆరిపోతుంది” అన్నారు.

వత్తులు చేసింది ఆడవాళ్లూ పిల్లలూ కలిసి. రెండు పోగులు కలిపి పేని, నిండా నూనెలో ముంచి, కొస కొంచెమే అంచు దాటి ఉండేట్టు పెట్టాలి. నూనె దూది పోగుల వెంట పైకి పాకి కొసన కాలుతుంది. కొస ఎక్కువైతే అంత నూనె ఒక్కసారి సరిగా కాలక మసి కక్కుతుంది, తక్కువైతే నూనెలో మునిగి కొండెక్కుతుంది. ఒక్కో ప్రమిదకు రెండు చెంచాల నువ్వుల నూనె పోశాం. నలభైకి కలిపి అరలీటరు కూడా పట్టలేదు.

అసలు చిక్కు పెట్టడంలో వచ్చింది. పిల్లలు ప్రమిదలన్నీ తులసికోట చుట్టూ పేర్చేశారు. అక్కడ ధగధగలాడింది గానీ బావిగట్టూ మెట్లూ కటిక చీకటి. చిన్న దీపం వెలుగు రెండు బారలు దాటితే పలచబడిపోతుంది, ఎన్ని ఒకచోట చేర్చినా దూరానికి పెద్దగా అందదు. “కోట దగ్గర ఐదుంచండి. మెట్టుకొకటి, బావి చుట్టూ నాలుగు, గడపకు రెండు. మిగతావి గోడవార పెట్టండి నాన్నా” అన్నారు మామ్మగారు. సున్నపు గోడ పక్కకు జరిపిన దీపం ఒకటి రెండైనట్టు కనిపించింది, వెలుగును గోడ తిప్పి మన మీదికే పంపుతోంది. గాలికి ఎదురుగా ఉన్న అరుగు మీద పెట్టినవి మాత్రం నిలవలేదు, వాటిని స్తంభాల చాటుకు మార్చాం. పట్టుచీరల కుచ్చిళ్లు తగలకుండా నడవడానికి దారి వదిలాం. టపాకాయల సంచులు దూరంగా ఆఖరి వాటా గదిలో పెట్టి తలుపేశాం.

అంతా కుదిరాక నిలబడి చూస్తే బావి గిలక నీడ గోడంతా పాకింది. ఎవరి వాటాలో వాళ్లం తినాల్సిన వాళ్లం, గిన్నెలు బయటికి తెచ్చుకుని అరుగుల మీద కూర్చున్నాం. పిన్నిగారి బూరెలు, మా అమ్మ పులిహోర అందరి విస్తళ్లలోకీ వెళ్లాయి. అంతకుముందు రెండేళ్లూ మొహమాటంగా పలకరించుకున్న మాస్టారి వాటావాళ్లతో నేను తీరిగ్గా మాట్లాడింది ఆ రాత్రే.

తొమ్మిది దాటాక లైన్‌మన్ వచ్చి ఫీజు వేశాడు. మామ్మగారు అతన్ని లోపలికి పిలిచి బూరెలు పెట్టించారు. అప్పటికి మొదట వెలిగించిన ప్రమిదల్లో నూనె అయిపోవస్తోంది.

తెల్లారి ప్రమిదలు తీసి అరుగులు కడిగాం. ఆ మూడు పొడి ప్రమిదల కింద మాత్రం నూనె మరకలు గుండ్రంగా మిగిలాయి. సబ్బుపొడి వేసి రుద్దినా పోలేదు.